తొలి అడుగుల బూట్లు: సోల్ ఎక్కడ వంగాలి, ఎంత వంగాలి

పిల్లలకు మొదటి బూట్లు కొనేటప్పుడు ఇంట్లో అందరూ రంగు చూస్తారు, సైజు అడుగుతారు. కాస్త జాగ్రత్త ఉన్నవాళ్లు సోల్‌ను చేత్తో వంచి "మెత్తగానే ఉందిలే" అని తీసుకుంటారు. కానీ పెద్దవాళ్ల చేతికి ఏ సోలైనా వంగుతుంది. ఆ బూటు వేసుకోబోయే పాప బరువు తొమ్మిది, పది కిలోలు. ఆ బరువుకు వంగుతుందా, వంగితే వేళ్ల మొదళ్ల దగ్గరే వంగుతుందా అన్నది తెలియాలి. నేను తిరుపతిలో పిల్లల ఫిజియోథెరపీ చేస్తాను. నడక మొదలుపెట్టిన పిల్లల అమ్మానాన్నలకు షాపుకు వెళ్లేముందు నేను చెప్పేది, ఇంట్లో చేయించేది వరసగా రాస్తున్నాను. దీనికి కావలసినవి ఒక అట్టముక్క, ఒక పెన్సిల్, ఒక స్కేలు.

ముందు: బూటు ఇప్పుడే కావాలా?

గోడ పట్టుకుని, సోఫా పట్టుకుని పక్కకు అడుగులేస్తున్న పిల్లలకు బూట్లు అవసరం లేదు. అడుగులేస్తే అరిసెలు పంచుదాం, బూట్లకు మాత్రం ఇంకొన్ని వారాలు ఆగుదాం. ఏ ఆసరా లేకుండా గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, పడినా తనంతట తాను లేస్తుంటే అప్పుడు బయటకు తీసుకెళ్లడానికి ఒక జత కొనండి. చాలామంది పిల్లలు ఏడాది అటూఇటూగా ఆ దశకు వస్తారు, కొందరికి 15, 16 నెలలు పడుతుంది. అదీ మామూలే.

ఇంట్లో మాత్రం వట్టికాళ్లే మంచిది. నడక కొత్తలో పిల్లలు వేళ్లతో నేలను పట్టుకుంటారు, అరికాలితో నేల తీరు తెలుసుకుంటారు. బూటు వాళ్లకు నడక నేర్పదు. ఎండకు కాలిన రోడ్డు నుంచి, కంకర నుంచి, ముళ్ల నుంచి కాపాడుతుంది. దానితో మనకున్న అవసరం అంతే.

అరికాలు చదునుగా ఉందని, వంపు రావడానికి గట్టి బూట్లు వేయాలని కొన్ని ఇళ్లలో అవ్వాతాతలు టెన్షన్ పడుతుంటారు. ఈ వయసులో అరికాలి వంపు ఉండాల్సిన చోట కొవ్వు నిండి ఉంటుంది, అందుకే పాదం చదునుగా కనిపిస్తుంది. పెరిగే కొద్దీ, ఐదారేళ్లకల్లా చాలామందికి వంపు తేలుతుంది. మన దేశంలోనే 2,300 మంది పిల్లల పాదాలు పరిశీలించి 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. చెప్పులు, బూట్లు వేసుకునే అలవాటున్న పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలు ఉంటే, వట్టికాళ్లతో తిరిగినవాళ్లలో 2.8 శాతం మందికే ఉన్నాయి. చదును పాదానికి బూటే కారణమని దీన్నిబట్టి తేల్చలేం. బూటు వేయకపోతే వంపు రాదన్న భయానికి మాత్రం దీనిలో ఆధారం లేదు.

పాదం ఎక్కడ వంగుతుందో చూడండి

నడక నేర్చుకున్న పాపను వట్టికాళ్లతో నడిపించి, మీరు నేలమీద కూర్చుని పక్కనుంచి గమనించండి. మనలా మడమ ముందు ఆన్చి, తర్వాత వేళ్లమీదికి రాదు. పాదం మొత్తం ఒకేసారి కింద పెడుతుంది. కాళ్లు ఎడంగా ఉంటాయి, చేతులు పైకి లేచి ఉంటాయి. పాదాన్ని నేల నుంచి పెద్దగా పైకి ఎత్తదు. అందుకే సోల్ మందంగా ఉన్నా, ముందు అంచు బరువుగా ఉన్నా అది నేలకు తగిలి పాప ముందుకు పడుతుంది.

ఇప్పుడు ఒక బొమ్మ కింద పడేయండి. దాన్ని తీసుకోవడానికి గొంతుక్కూర్చుని, మళ్లీ లేచేటప్పుడు పాదం చూడండి. మడమ పైకి లేస్తుంది, వేళ్లు నేలమీదే ఉంటాయి, వేళ్ల మొదళ్ల దగ్గర పాదం బాగా మడుస్తుంది. రోజంతా ఇలా కూర్చుని లేవడమే వాళ్ల ఆట. పాదం ముందువైపు ఇంతగా మడిచే చోటు అదొక్కటే. పాదం నడిమధ్య అలా మడవదు. కాబట్టి సోల్ కూడా ఆ గీత దగ్గరే వంగాలి. ఆ గీతను కొలిచి షాపుకు తీసుకెళ్లడానికే ఈ అట్టముక్క.

అట్టముక్క తయారుచేసుకోవడం

సాయంత్రం పూట కొలవండి. రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పాపను ఒక కాగితం మీద నిలబెట్టాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుని కొలిస్తే కొలత తక్కువ వస్తుంది, ఎందుకంటే బరువు పడితేనే పాదం పూర్తిగా పరుచుకుంటుంది. మడమ గోడకు ఆన్చి, ఒకరు మోకాళ్ల దగ్గర పట్టుకుంటే ఇంకొకరు గీత గీయాలి. పెన్సిల్ నిటారుగా పట్టండి. వంచి పట్టుకుంటే గీత పాదం కిందికి పోతుంది. వేళ్లు ముడుచుకుంటే కాలి మీద మెల్లగా నిమరండి, వదిలేస్తుంది.

రెండు పాదాలూ గీసి, మడమ చివర నుంచి అన్నిటికన్నా ముందుకొచ్చిన వేలి చివర దాకా కొలవండి. రెండు పాదాల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల తేడా చాలామందిలో ఉంటుంది, పెద్ద పాదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. తర్వాత బొటనవేలి మొదట్లో, పాదం లోపలివైపు ఉబ్బెత్తుగా ఉండే చోటును చూసి, మడమ నుంచి అక్కడికి ఎంత ఉందో కొలవండి. పాదం పొడవులో దాదాపు 70 శాతం దగ్గర అది వస్తుంది.

ఇప్పుడు రెండు సెంటీమీటర్ల వెడల్పున్న గట్టి అట్టముక్కను, పెద్ద పాదం పొడవుకు ఇంకో 1.1 సెంటీమీటర్ కలిపి కత్తిరించండి. ముందు కొసను కాస్త గుండ్రంగా చేయండి. మడమ నుంచి కొలిచిన ఆ ఉబ్బు దగ్గర అట్టకు అడ్డంగా ఒక గీత గీయండి. పొడవు చూడ్డానికి, వంగే చోటు చూడ్డానికి ఇదొక్కటే చాలు. పాప షాపులో ఏడ్చినా, నిద్రపోయినా మీ పని ఆగదు.

షాపులో: సోల్‌ను చేత్తో చూసే తీరు

మొదట అట్టను బూటు లోపల పెట్టండి. మడమ దాకా ఆని, ముందు వంకర తిరగకుండా చదునుగా పడుకుంటే పొడవు సరిపోయినట్టే. పడుకున్నాక ముందు ఇంకా మూడు నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ ఉన్నా పర్వాలేదు. చిటికెన వేలు పట్టేంత ఖాళీ ఉంటే ఆ బూటు పెద్దది. "ఒక సైజు పెద్దది తీసుకో నాయనా, ఏడాదొస్తుంది" అన్న మాట బట్టల వరకూ సరే. బూటు పెద్దదైతే పాదం లోపల ముందుకూ వెనక్కూ జారుతుంది, సోల్ వంగే గీత వేళ్ల మొదళ్లకన్నా ముందుకు పోతుంది. అప్పుడు ఎంత మంచి సోలైనా వంగాల్సిన చోట వంగదు.

ఇక వంచి చూడటం. బూటు మడమను ఎడమ అరచేతిలో తేలిగ్గా పెట్టుకోండి. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు, రెండిటితోనే బూటు ముందు భాగాన్ని పైకి నెట్టండి. రెండు వేళ్లే అని ఎందుకంటున్నానంటే, రెండు చేతుల బలం పెడితే మీకు అన్ని బూట్లూ ఒకేలా అనిపిస్తాయి. రెండు వేళ్లకే ముందు భాగం సుళువుగా లేవాలి, నేలకూ నిలువుకూ మధ్యన సగం దాకా రావాలి. లేపి అలాగే పట్టుకుని, సోల్ ఎక్కడ మడత పడిందో చూడండి. అట్టముక్కను పక్కన పెట్టి గీతతో సరిచూడండి. మడత ఆ గీత దగ్గర, అర సెంటీమీటర్ అటూఇటూగా ఉంటే మంచిది. సోల్ మడమ చివర బయటికి వచ్చి ఉంటుంది కాబట్టి బయటనుంచి కొలిస్తే కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ కనిపిస్తుంది, కంగారుపడొద్దు.

మూడు రకాల తప్పులు ఇక్కడే దొరుకుతాయి. రెండు వేళ్లకు అసలు లేవని సోల్ ఒకటి. దాన్ని వేసుకున్న పాప మోకాళ్లు ఎత్తెత్తి, కాళ్లు నేలకేసి కొడుతూ నడుస్తుంది. రెండోది నడిమధ్య వంగే సోల్. చేతికి బాగా మెత్తగా అనిపిస్తుంది, అందుకే ఎక్కువమంది దీనికే మోసపోతారు. పాదం వంగని చోట బూటు వంగుతుంది, పాదం వంగే చోట బూటు బిగిసి ఉంటుంది. ఫలితంగా గొంతుక్కూర్చుని లేచిన ప్రతిసారీ మడమ బూటులోంచి బయటికి జారుతుంది. మూడోది ఎటుపడితే అటు మడిచి జేబులో పెట్టుకునేంత పలచనిది. ఇంట్లో చల్లటి గ్రానైట్ మీద, రబ్బరు చుక్కలున్న సాక్స్‌లాంటి బూట్లు వేసుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. బయట కంకర మీద మాత్రం ప్రతి రాయీ అరికాలికి తగులుతుంది.

తర్వాత మడమను ఒక చేత్తో, ముందు భాగాన్ని ఇంకో చేత్తో పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు తిప్పండి. కొంచెం తిరగాలి. అస్సలు తిరగకపోతే ఎత్తుపల్లాల మీద పాదం ఒరిగినప్పుడు బూటు దానితో ఒరగదు. పూర్తిగా మెలితిరిగిపోతే బయట తిరగడానికి పనికిరాదు.

ఆఖరుగా మడమ వెనక భాగాన్ని రెండువైపులా నొక్కండి. అది మాత్రం కాస్త గట్టిగా ఉండి, వదలగానే మళ్లీ ఆకారానికి రావాలి. మడమ కదలకుండా ఉంటేనే ముందు భాగం సరైన గీత దగ్గర వంగుతుంది. చీలమండ దాకా కప్పే ఎత్తు బూట్లు, లోపల వంపు కోసం పెట్టిన దిండ్లు మామూలు పాదానికి అక్కర్లేదు. సోల్ మందం ముందు భాగంలో నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటే చాలు, మడమ దగ్గర పెద్దగా ఎత్తు ఉండకూడదు.

"వేసుకుంటే నాలుగు రోజుల్లో మెత్తబడుతుందక్కా" అని షాపతను అంటాడు. తోలు పైభాగం నిజంగానే కొంత సడలుతుంది. మందపాటి రబ్బరు సోల్ పది కిలోల బరువుకు మెత్తబడేలోపు పాదమే ఆ సైజు దాటిపోతుంది. షాపులో ఉన్న తీరుగానే రేపూ ఉంటుందనుకుని నిర్ణయించుకోండి. ఏళ్ల తరబడి అరలో ఉన్న పాత స్టాకుతో ఇంకో ఇబ్బంది ఉంది. పీయూ, అంటే పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన, ఫోమ్‌లా ఉండే కొన్ని సోళ్లు గాలిలో తేమకు లోలోపల చెడిపోతాయి. వంచినప్పుడు సన్నటి పగుళ్లు కనిపించినా, చేతికి పొడి రాలినా వదిలేయండి.

ఒక పాపకు చూసిన తీరు

మా పక్కింటి పాపకు 13 నెలలు. ఎడమ పాదం 11.8 సెంటీమీటర్లు, కుడి 12.1. కుడి పాదానికి 1.1 కలిపి 13.2 సెంటీమీటర్ల అట్ట కత్తిరించాం. బొటనవేలి మొదటి ఉబ్బు మడమ నుంచి 8.7 దగ్గర ఉంది, అక్కడ గీత పెట్టాం. మన షాపుల్లో వాడే నంబర్ల లెక్కలో, బూటు తయారుచేసే అచ్చు పొడవు 3 నంబర్‌కు సుమారు 12.7 సెంటీమీటర్లు, 4 నంబర్‌కు 13.5. అంటే 4 నంబర్‌తో మొదలుపెట్టాలి. కొన్ని బూట్ల మీద యూరప్ నంబర్ ఉంటుంది, దాని ప్రకారం 20. కంపెనీని బట్టి లోపలి పొడవు మారుతుంది కాబట్టి నంబర్ మొదటి అంచనాకే, ఆఖరి మాట అట్టదే.

గాంధీ రోడ్డులోని ఒక చెప్పుల షాపులో మూడు జతలు తీయించాం. మొదటిది నడిస్తే కీచుమని అరిచే బూటు. పాప వాళ్ల అవ్వకు అదే కావాలి, పాప ఎటు పోతోందో తెలుస్తుందని. పొడవు సరిపోయింది. కానీ ఆ చప్పుడు చేసే పీపీ మడమ కింద ఉంటుంది, దానికి చోటివ్వడానికి మడమను దాదాపు రెండు సెంటీమీటర్ల మందం చేశారు. పాదం ముందుకు వాలినట్టు ఉంది. ముందు భాగం రెండు వేళ్లకు లేవలేదు. పైగా చప్పుడు రావాలని పిల్లలు మడమను కావాలనే నేలకేసి కొడతారు, అది వాళ్ల సహజ నడక కాదు. వద్దన్నాను.

రెండోది పెద్దవాళ్ల స్పోర్ట్స్ షూని చిన్నగా చేసినట్టున్న జత, మూడింటిలోనూ ఖరీదైనది. రెండు వేళ్లకు వంగింది, వాళ్ల అమ్మకు నచ్చింది. మడత ఎక్కడ పడిందో కొలిస్తే మడమ నుంచి ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర ఉంది. గీత కన్నా రెండు సెంటీమీటర్లకు పైగా వెనక. తిప్పి చూస్తే కారణం కనిపించింది. సోల్ నడిమధ్య సన్నగా చెక్కారు, ముందు భాగంలో మందంగా గట్టి రబ్బరు అతికించారు. పాపకు తొడిగి ఒక బొమ్మ కింద పెట్టాం. తీసుకుని లేచేసరికి మడమ బూటులోంచి సగం బయటికొచ్చింది.

మూడోది గుడ్డ పైభాగం, పలచటి రబ్బరు సోల్, పైన ఒక వెడల్పాటి వెల్క్రో పట్టీ ఉన్న మామూలు జత. సోల్ కింద ముందువైపు అడ్డంగా మూడు గాడులున్నాయి. మడత 9 సెంటీమీటర్ల దగ్గర, సరిగ్గా ఒక గాడిలో పడింది. మెలిపెడితే కొద్దిగా తిరిగింది, మడమ గట్టిగా ఉంది. బూటు లోపల పాదం కింద పరిచి ఉండే అట్ట బయటికి వచ్చేదే కాబట్టి దాన్ని తీసి పాపను దానిమీద నిలబెట్టాం. ముందు సెంటీమీటర్ పైన ఖాళీ, పక్కల వేళ్లు అట్ట దాటలేదు. ఈ వెడల్పు తప్పకుండా చూడండి, చిటికెన వేలు అట్ట అంచు దాటితే పొడవు సరిపోయినా ఆ బూటు ఇరుకే.

మొదటి వారం ఇంట్లో

బిల్లు దాచి, బూటును ముందు ఇంట్లోనే శుభ్రమైన నేలమీద 10, 15 నిమిషాలు వేయండి. ఫోనులో రెండు వీడియోలు తీయండి, ఒకటి వట్టికాళ్లతో, ఒకటి బూట్లతో. రెండిట్లో నడక దాదాపు ఒకేలా ఉండాలి. మొదటి రెండు రోజులు కాళ్లు వింతగా ఎత్తడం మామూలే. మూడు నాలుగు రోజుల తర్వాత కూడా మాటిమాటికీ ముందుకు పడుతున్నా, వట్టికాళ్లతో గొంతుక్కూర్చునే పాప బూట్లతో కూర్చోకుండా నడుం వంచి బొమ్మ తీసుకుంటున్నా, సోల్ బిగుతే కారణమని నేను అనుమానిస్తాను. విప్పిన తర్వాత పాదం చూడండి. సాక్స్ అంచు గీత నిమిషాల్లో పోతుంది. మడమ వెనక, వేళ్లమీద, చిటికెన వేలి పక్కన ఎర్రటి మచ్చ అరగంటైనా పోకపోతే బూటు మార్చాలి. పిల్లలు నొప్పి అని చెప్పలేరు, బూటు పీకేసుకోవడమే వాళ్లు చెప్పే తీరు.

మన ఎండకు, మన ఊళ్లకు

తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తారు రోడ్డు మీద పలచటి సోల్ వేడిని ఆపలేదు. దానికోసం మందపాటి సోల్ కొనడం కన్నా, ఆ వేళలో ఎత్తుకోవడమే మంచిది. నడక పొద్దున, సాయంత్రం పెట్టుకోండి. ప్లాస్టిక్ పైభాగం ఉన్న బూట్లలో చెమట పట్టి పాదం నానుతుంది. గుడ్డవి, గాలాడేవి తీసుకుని నూలు సాక్స్ వేయండి.

గుళ్లకు ఎక్కువగా వెళ్లే ఇళ్లలో లేసుల కన్నా వెల్క్రో సుఖం. గోవిందరాజస్వామి గుడి దగ్గరైనా, కాణిపాకంలోనైనా విప్పడం, తొడగడం జనంలో నిలబడి చేయాల్సిన పని. పట్టీ వెడల్పుగా తెరుచుకుంటే పాదాన్ని తోయకుండా పెట్టొచ్చు. తోస్తే లోపల వేళ్లు ముడుచుకుపోతాయి, బయటికి కనిపించదు.

పల్లెల్లో, పొలాల పక్కన ఆడే పిల్లలకైతే పల్లేరుకాయలు, తుమ్మముళ్లు ఉంటాయి. మెత్తటి ఫోమ్ సోల్‌లోంచి తుమ్మముల్లు సులువుగా దిగుతుంది. అక్కడ వంగడంలో రాజీ పడకుండా, ఫోమ్ బదులు రబ్బరు సోల్ ఎంచుకోండి. ఇంటికి రాగానే సోల్ కింద, లోపల చేత్తో తడిమి చూడాలి.

అన్న వేసుకుని వదిలేసిన బూట్లు తమ్ముడికి వేయాలనుకుంటే, బల్లమీద పెట్టి వెనకనుంచి చూడండి. మడమ ఒకవైపు అరిగి ఒరిగి ఉంటే వద్దు. అన్న పాదానికి పడిన మడత తమ్ముడి గీతతో కలవకపోయినా వద్దు.

మళ్లీ కొలవడం, డాక్టర్ దగ్గరికి వెళ్లడం

ఈ వయసులో పాదం నెలకు సుమారు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి లోపలి అట్ట తీసి పాపను నిలబెట్టి చూడండి. ముందు ఖాళీ అర సెంటీమీటర్‌కు వస్తే, బూటు కొత్తగా మెరుస్తున్నా దాని పని అయిపోయింది. పక్కింటి పాపకు నాలుగైదు నెలలు వస్తుందని అంచనా వేశాం. అందుకే మొదటి జతకు పెద్ద ధర పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

18 నెలలు దాటినా ఒంటరిగా నడవకపోయినా, ఎప్పుడూ మునివేళ్లమీదే నడుస్తున్నా, ఒక కాలు కుంటుతున్నా, ఒక పాదం మాత్రమే చదునుగా, బిగుసుకుని ఉన్నా బూటు మార్చి చూస్తూ కూర్చోకండి. ముందు పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఎముకల డాక్టర్ చూడాల్సి వస్తే తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు పాప రోజూ వేసుకునే బూట్లు, వట్టికాళ్లతో నడిచే వీడియో వెంట తీసుకెళ్లండి. కొత్తచోట పిల్లలు నడవమంటే నడవరు, సోల్ ఎటు అరిగిందో చూస్తే డాక్టర్‌కు నడక గురించి కొంత తెలుస్తుంది.